సార్‌కి గుర్తుచేయాల్సింది మీరే

అమెరికాలో ఎంఎస్‌కి అప్లై చేసే పిల్లలు జీఆర్‌ఈ, టోఫెల్ గురించి ఏడాది ముందే ఆలోచిస్తారు. ఎల్‌ఓఆర్‌లు మాత్రం నవంబర్ చివర్లో గుర్తొస్తాయి. చాలా యూనివర్సిటీలు మూడు రికమండేషన్ లెటర్లు అడుగుతాయి, కొన్ని రెండింటితో సరిపెట్టుకుంటాయి. ఫాల్ అడ్మిషన్ల గడువులు ఎక్కువగా డిసెంబర్, జనవరి నెలల్లోనే పడతాయి. కాలేజీల్లో పరీక్షలు, పేపర్లు దిద్దే హడావిడీ ఇంచుమించు అప్పుడే. అలాంటప్పుడు వారం ముందు స్టాఫ్‌రూమ్ గుమ్మంలో నిలబడితే, "నువ్వే రాసుకురామ్మా, సంతకం పెడతాను" అంటారు సార్.

ఆ మాటతో ప్రాణం లేచొస్తుంది గానీ, చిక్కు మొదలయ్యేది అక్కడే. ముగ్గురు సార్ల లెటర్లూ ఒకే మనిషి రాసినట్టుంటాయి. ఎస్‌ఓపీలో ఉన్న వాక్యాలే వాటిలోనూ దొర్లుతాయి. వందల అప్లికేషన్లు చదివేవాళ్లకి ఇది పట్టుకోవడం కష్టం కాదు. పైగా మన గురించి మనం రాసుకుంటే కష్టపడే మనస్తత్వం, క్రమశిక్షణ లాంటి మాటలే వస్తాయి. తాను పాఠం చెప్పిన పిల్లల్లో ఈ అమ్మాయి ఎక్కడుంటుందో చెప్పగలిగింది సార్ ఒక్కరే. చాలా ఆన్‌లైన్ ఫారాల్లో ఆ ప్రశ్న సూటిగానే ఉంటుంది: పై 5 శాతంలోనా, 10 శాతంలోనా, 25 శాతంలోనా?

అందుకే సార్‌కి ఇవ్వాల్సింది డ్రాఫ్టు కాదు, రాయడానికి పనికొచ్చే సమాచారం. గుంటూరు వైపు కాలేజీలో ఈసీఈ చదివి, రెండేళ్లుగా హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న అమ్మాయి ఒకరున్నారనుకుందాం. గడువుకి నెలన్నర ముందు తన ప్రాజెక్ట్ గైడ్‌కి ఇలా రాయొచ్చు: "నమస్తే సార్. 2023 బ్యాచ్ ఈసీఈ, మిరప చేలో నేల తేమ కొలిచే ప్రాజెక్ట్ మీ దగ్గరే చేశాం. ఎంబెడెడ్ సిస్టమ్స్‌లో ఎంఎస్‌కి అప్లై చేస్తున్నాను. నా పని గురించి గట్టిగా రాయగలననిపిస్తేనే లెటర్ ఇవ్వండి సార్. వీలు కాకపోతే మొహమాటం లేకుండా చెప్పేయండి." ఆ చివరి మాట ముఖ్యం. మొహమాటానికి ఒప్పుకుని ముక్తసరిగా రాసిన లెటర్ కంటే, కాదనిపించుకుని ఇంకొకరిని అడగడమే మేలు.

ఆయన సరేనన్నాక ఒక పేజీ నోట్ పంపాలి. ఆయన దగ్గర ఏ సెమిస్టర్‌లో ఏ సబ్జెక్టు చదివింది, ఏ గ్రేడ్ వచ్చింది, టీమ్‌లో ఎంతమంది, అందులో తన వాటా ఏమిటి, ఇవి పైనే ఉండాలి. ఆ తర్వాత ఒకే ఒక్క సంఘటన, వివరంగా. నేల తడిగానే ఉన్నా రీడింగ్ రోజురోజుకీ మారిపోతోంది. అందరూ కోడ్‌లో తప్పు వెతుకుతుంటే ఈ అమ్మాయి ప్రోబ్ పీకి చూసింది. కరెంటు పారడంతో దాని మీది లోహపు పూత తినేసి ఉంది. కెపాసిటివ్ సెన్సర్‌కి మార్చి, మట్టిని తూచి, ఓవెన్‌లో ఆరబెట్టి మళ్లీ తూచి, అసలు తేమెంతో లెక్కగట్టి రీడింగ్‌ని దాంతో సరిచూసింది. "రివ్యూలో మీరు ఈ విషయం మీదే ప్రశ్నలడిగారు సార్" అని ఒక వాక్యం చేరిస్తే ఆయనకి ఆ రోజు కళ్లముందు కదులుతుంది. ఇక రాసేది ఆయన మాటల్లోనే వస్తుంది. అప్పటికీ డ్రాఫ్టే కావాలంటే, "పది నిమిషాలు ఫోన్‌లో మాట్లాడనా సార్" అని అడిగి చూడండి. చాలామంది కాదనరు.

పాత మేనేజర్‌ని అడిగేటప్పుడూ పద్ధతి ఇదే. కాకపోతే కొన్ని కంపెనీలు లెటర్‌హెడ్ మీద రాయనివ్వవు, అది ముందే అడిగి తెలుసుకోవాలి. క్లయింట్ పేర్లు, బయటికి చెప్పకూడని అంకెలు మీ నోట్‌లోకి రానివ్వకండి.

అప్లికేషన్‌లో లెటర్ చూసే హక్కు వదులుకుంటారా అని ఒక ప్రశ్న ఉంటుంది. 1974 నాటి ఫెర్పా చట్టం ప్రకారం, యూనివర్సిటీలో చేరాక విద్యార్థి తన ఫైల్లోని లెటర్ చూడొచ్చు. ఆ హక్కు వదులుకుంటేనే సార్ మనసులో మాట రాశారని చదివేవాళ్లకి నమ్మకం కుదురుతుంది. వదులుకోవడమే మంచిది.

లెటర్ మీ చేతికి రాదు. మీరిచ్చిన మెయిల్‌కి యూనివర్సిటీ లింక్ పంపుతుంది, సార్ అక్కడే అప్‌లోడ్ చేయాలి. కాలేజీ మెయిల్ ఇస్తే నమ్మకం ఎక్కువ. కానీ ఆయన దాన్ని నిజంగా తెరుస్తారో లేదో కనుక్కోండి. యూనివర్సిటీలనీ గడువులనీ తేదీల వరసలో ఒకే షీట్‌లో పెట్టి, లింకులన్నీ ఒకే రోజు వెళ్లేట్టు చూస్తే ఆయన ఒక్కసారే కూర్చుని పూర్తిచేస్తారు. గడువుకి వారం ముందు మీ అప్లికేషన్ పేజీలో ఆ లెటర్ ఇంకా రానట్టు చూపిస్తుంటే స్పామ్ ఫోల్డర్ చూడమని ఫోన్ చేయండి. లింక్ మళ్లీ పంపే వీలు, లెటర్ రాకముందైతే పేరు మార్చుకునే వీలు చాలా పోర్టళ్లలో ఉంటాయి.