ముగ్గు మీద ఫోను: నిలువా, అడ్డమా?

వాకిట్లో ముగ్గు వేస్తుంటే పైనుంచి వీడియో తీశారనుకోండి. ఫోను అడ్డంగానే పట్టుకున్నారు, తీరా చూస్తే వీడియోలో ముగ్గు పక్కకు తిరిగి కనిపిస్తుంది. ఫోను ఏ వైపు నిలిచి ఉందో చెప్పేది భూమ్యాకర్షణను పసిగట్టే సెన్సర్. నేల వైపు వంచితే దానికి నిలువూ అడ్డమూ తేడా తెలియదు, అంతకుముందు ఉన్న దిక్కునే పట్టుకుంటుంది.

అందుకే ముందు ఫోను నిటారుగా ఎత్తి, అడ్డం తిప్పి, తెర మీది గుర్తులు తిరిగాయో లేదో చూడాలి. తిరిగాక నెమ్మదిగా కిందికి వంచి రికార్డు నొక్కాలి. నొక్కిన క్షణాన ఉన్న దిక్కే వీడియో మొత్తానికీ ఖాయం. మధ్యలో తిప్పితే బొమ్మే ఒరుగుతుంది. పక్కకు పడుకున్న వీడియోను గ్యాలరీలోని ఎడిట్‌లో తిప్పుకోవచ్చు, ఏమీ కోత పడదు.

తెర తిరగకుండా ఆపే ఆటో రొటేట్ బటన్ ఇక్కడ కాపాడుతుందనుకోవద్దు. చాలా ఫోన్ల కెమెరా దాన్ని లెక్కచెయ్యదు. లైవ్ ఇచ్చే యాప్‌లలో మాత్రం పనికొస్తుంది: దిక్కు కుదిరాక లాక్ చేసి, అప్పుడు లైవ్ మొదలుపెట్టాలి.

రీల్స్‌కూ, షార్ట్స్‌కూ నిలువు; టీవీలో చూసే యూట్యూబ్ వీడియోకు అడ్డం. రెండూ కావాలంటే 4కెలో అడ్డంగా తియ్యండి. 1920×1080 అడ్డం వీడియోలోంచి నిలువు ముక్క కోస్తే వెడల్పు సుమారు 608 చుక్కలే మిగిలి మసకబారుతుంది. 4కెలో 1215 దక్కుతాయి. అయితే ముగ్గు ఆ నడిమి మూడో వంతులోనే ఇమడాలి. రథం ముగ్గుకు అది కుదరదు, రెండుసార్లు తియ్యాల్సిందే.