అయిదు డాలర్ల ప్లానర్‌లో మిగిలేదెంత?

ఐప్యాడ్ మీద రాసుకునే ప్లానర్‌ను పీడీఎఫ్‌గా తయారుచేసి, అమెరికాలో ఉంటూ ఎట్సీలో అయిదు డాలర్లకు పెట్టారనుకుందాం. లిస్టింగుకు 20 సెంట్లు, కమీషన్ 6.5 శాతం, చెల్లింపు రుసుము 3 శాతంతో పాటు మరో 25 సెంట్లు పోతాయి. పన్నులు, ప్రకటనల ఖర్చు కాకుండా చేతికొచ్చేది నాలుగు డాలర్ల పైచిలుకు. అదే రెండు డాలర్లకు అమ్మితే దాదాపు మూడోవంతు రుసుములకే సరి! అందుకే ఒక్కో పేజీని చవగ్గా అమ్మే బదులు నెల, వారం, ఖర్చుల పేజీలు కలిపి ఒకే సెట్టుగా ఇవ్వడం నయం.

డబ్బు కట్టగానే ఫైలు కొన్నవారి ఖాతాలోకి వస్తుంది. కాన్వా టెంప్లేట్ అయితే పీడీఎఫ్‌లో లింకు పెట్టి ఇస్తారు. అది టెంప్లేట్ లింకే కావాలి. పొరపాటున ఎడిటింగ్ లింకు ఇస్తే, ఎవరో ఒకరు మీ అసలు డిజైన్‌నే మార్చేస్తారు.

ఇక కాపీల బెడద. పేహిప్ లాంటి చోట్ల పీడీఎఫ్ మీద కొన్నవారి వివరాలు ముద్రపడే వీలుంది. అది కాపీని ఆపదు, ఎవరి ఫైలు బయటికి పోయిందో మాత్రం చెబుతుంది. మరో దుకాణంలో మీ ఫైలు కనబడితే రెండు లింకులూ, తేదీలున్న అసలు ఫైళ్లూ జతచేసి ఎట్సీకి కాపీరైట్ ఫిర్యాదు పంపండి. అయితే ఉత్త క్యాలెండర్ గళ్లకు, ఖాళీ ఫారాలకు అమెరికా చట్టంలో కాపీరైట్ లేదు. మీరు గీసిన బొమ్మలకు, రాసిన మాటలకు రక్షణ ఉంటుంది. ఫిర్యాదులో చూపించాల్సినవి అవే.