చెప్పకుండా తెగిపోయే స్నేహం: ఘోస్టింగ్

నిన్నటిదాకా రోజూ మాట్లాడిన మనిషి గొడవ పడకుండా, కారణం చెప్పకుండా మాటలన్నీ మానేయడాన్ని నేటి కుర్రకారు ఘోస్టింగ్ అంటున్నారు. ఫోన్ ఎత్తరు, మెసేజ్‌కు జవాబివ్వరు, కొందరు బ్లాక్ కూడా చేస్తారు. ప్రేమ వ్యవహారాల్లో వాడుకలోకి వచ్చిన ఈ మాట ఇప్పుడు స్నేహాలకూ పాకింది. మెరియమ్ వెబ్‌స్టర్ నిఘంటువు 2017లో ఈ అర్థాన్ని చేర్చుకుంది.

ఇంటర్‌లో చేరిన ఓ అమ్మాయికి పదో తరగతి నాటి ప్రాణస్నేహితురాలు దూరమైందనుకుందాం. మొదట పేజీల కొద్దీ వచ్చే జవాబులు "ఊఁ", "సరే" దాకా కుదించుకుపోతాయి. తర్వాత వాట్సాప్‌లో రెండు నీలం టిక్కులు పడతాయి గానీ జవాబు రాదు. కొన్నాళ్లకు మెసేజ్ ఒక్క టిక్కు దగ్గరే ఆగిపోతుంది, ప్రొఫైల్ ఫొటో మాయమవుతుంది. ఫోన్ ఆపేసినా, నెట్ లేకపోయినా ఒక్క టిక్కే పడుతుంది కాబట్టి అంతమాత్రాన బ్లాక్ చేశారనుకోకూడదు. అదే స్నేహితురాలు క్లాసు గ్రూపులో మాత్రం కబుర్లు చెబుతుంటే అసలు సంగతి అర్థమవుతుంది.

గొడవపడి విడిపోతే కారణమైనా తెలుస్తుంది. ఇక్కడ అదీ ఉండదు. అందుకే పిల్లలు పాత చాట్లు మళ్లీ మళ్లీ చదువుతూ తప్పు తమలోనే వెతుక్కుంటారు. వెలివేత బాధ చిన్నదేమీ కాదు. 2003లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో, కంప్యూటర్ బంతాటలో తమకు బంతి వేయడం మానేసినప్పుడు, శారీరక నొప్పి కలిగించే బాధతో సంబంధమున్న మెదడు భాగం చురుకైనట్టు తేలింది.

మౌనంగా తప్పుకున్నవాళ్లంతా దుర్మార్గులు కారు. ఎదురుగా "వద్దు" అని చెప్పే ధైర్యం లేక తప్పుకునేవాళ్లూ ఉంటారు. అవతలివాళ్లు బెదిరిస్తున్నా, ఫొటోలు పంపమని వేధిస్తున్నా బ్లాక్ చేయడమే సరైన పని. అది ఘోస్టింగ్ కాదు, ఆత్మరక్షణ. సాక్ష్యంగా స్క్రీన్‌షాట్లు దాచి, చైల్డ్‌లైన్ 1098కు ఫోన్ చేయాలి.

పిల్లలు ఈ సంగతి చెప్పుకున్నప్పుడు "ఆ మాత్రానికేనా?" అనకూడదు. అవతలి పిల్ల ఇంటికి ఫోన్ చేసి నిలదీయనూ కూడదు. "నావల్ల తప్పు జరిగితే చెప్పు, మాట్లాడాలనిపిస్తే నేనున్నాను" అని ఒకే ఒక్క మెసేజ్ పెట్టించి, అంతటితో ఆపమనాలి. తిండి, నిద్ర, చదువు రెండు వారాలైనా గాడిన పడకపోతే టెలిమానస్ 14416కు ఫోన్ చేస్తే ఉచితంగా కౌన్సెలర్ మాట్లాడతారు.

తమ పిల్లలే ఎవరినైనా ఇలా వదిలేస్తుంటే వాళ్లకూ నేర్పాలి: "ఇక నేను మాట్లాడలేను, నువ్వు బాగుండాలి" అన్న ఒక్క వాక్యం అవతలివాళ్లను నెలల తరబడి ఎదురుచూపుల నుంచి తప్పిస్తుంది.