ఒకరి సంతకం, ముగ్గురి అప్పు

విజయవాడలో గుణదల నుంచి ఆటోనగర్ వైపు వెళ్తే దారి పొడవునా షెడ్లే. ఒక షెడ్డులో వెల్డింగ్, పక్కదానిలో రంగులు, ఇంకోదాని ముందు ఉత్త ఛాసిస్‌తో నిలబడ్డ లారీ. ఇలాంటి చోట ఒకరి దగ్గర పనితనం ఉంటుంది, ఒకరి దగ్గర డబ్బుంటుంది, ఒకరికి లారీ యజమానులతో పరిచయాలుంటాయి. ముగ్గురూ కలిస్తేనే షెడ్డు నిలుస్తుంది. అందుకే పొత్తు వ్యాపారం ఇక్కడ సహజంగా పుడుతుంది. ఆ పొత్తులో చేరేటప్పుడు తాము చట్టం దృష్టిలో ఏమవుతున్నారో చాలామందికి తెలియదు. ఆ విషయం అర్థం కావడానికి అలాంటి షెడ్డునే ఒకదాన్ని ఊహించుకుందాం.

లారీ బాడీలు కట్టే మేస్త్రీ ఒకరు, ప్రభుత్వ బడిలో రిటైరైన టీచరమ్మ ఒకరు, ఆవిడ మరిది, రెండు లారీలున్నవాడు, ఒకరు. లాభనష్టాలు సమానంగా మూడు వాటాలు. టీచరమ్మ 10 లక్షలు పెట్టి ఇంట్లోనే ఉంటుంది, షెడ్డు వైపు రాదు. జాగ్రత్త కోసం డీడ్‌లో ఒక షరతు రాయించింది: 2 లక్షలు దాటిన కొనుగోలుకు ఇద్దరు పార్ట్‌నర్ల సంతకం ఉండాలి. ఇక తన డబ్బుకు ఢోకా లేదనుకుంది.

మేస్త్రీ ఒక్కడే వెళ్లి, ఫర్మ్ లెటర్‌ప్యాడ్ మీద సంతకం చేసి, 30 లక్షల ఇనుప రేకు, ఛానళ్లు అరువు మీద తెచ్చాడు. రావాల్సిన ఆర్డర్లు రాలేదు. షెడ్డు మూతపడింది. ఇనుము అమ్మిన వ్యాపారి కోర్టుకెళ్తే, టీచరమ్మ తన డీడ్ చూపించి, నా సంతకం లేదు కదా అంటుంది.

ఆ మాట చెల్లదు. 1932 నాటి భారత భాగస్వామ్య చట్టం 4వ సెక్షన్‌లోనే దీనికి మూలం ఉంది. అందరి తరఫునా అందరూ గానీ, వారిలో కొందరు గానీ నడిపే వ్యాపారంలో లాభాలు పంచుకోవాలన్న ఒప్పందమే భాగస్వామ్యం. ఇందులో ‘అందరి తరఫునా’ అన్నదే ఆయువుపట్టు. ఫర్మ్ అనేది ఆ ముగ్గురికీ కలిపి పెట్టుకున్న పేరు. కంపెనీకి ఉన్నట్టు దానికి చట్టం ఇచ్చిన వేరే ఉనికి లేదు. కాబట్టి వ్యాపారం కోసం ఏ పార్ట్‌నర్ చేసిన పనైనా అందరూ చేసినట్టే. 18వ సెక్షన్ ప్రతి పార్ట్‌నర్‌నీ ఫర్మ్‌కు ఏజెంటుగా నిలబెడుతుంది. టీచరమ్మకు మేస్త్రీ ఏజెంటు, మేస్త్రీకి టీచరమ్మ ఏజెంటు. దీన్నే పరస్పర ఏజెన్సీ అంటారు.

ఈ అధికారానికి హద్దులున్నాయి. ఫర్మ్ పేరున స్థలం కొనడం, అమ్మడం, కోర్టు దావాలో బాకీ ఒప్పేసుకోవడం, ఫర్మ్ తరఫున సొంత పేరున బ్యాంకు ఖాతా తెరవడం, ఇలాంటివి ఒక పార్ట్‌నర్ తనంతట తాను చేస్తే మామూలుగా మిగతావారిని కట్టిపడేయవు. కానీ బాడీ బిల్డింగ్ షెడ్డుకు ఇనుము కొనడం రోజువారీ పని. దానికి డీడ్‌లో పరిమితి పెట్టుకోవచ్చు. ఆ పరిమితి ఎదుటివాడికి తెలిసి ఉంటేనే అతనికి వర్తిస్తుందని 20వ సెక్షన్ చెబుతుంది. ఇనుము వ్యాపారి డీడ్ చూడలేదు, చూడాల్సిన పనీ లేదు.

1962లో ఇంగ్లండ్‌లో ఇలాంటి గొడవే ఒక గరాజ్ మీద వచ్చింది. ఇద్దరు పార్ట్‌నర్లు, ఒకరు డబ్బు పెట్టి పనిలో తలదూర్చనివారు. కార్లు కొనడం, అమ్మడం చేయకూడదని డీడ్‌లో ఉంది. గరాజ్ నడిపే పార్ట్‌నర్ తనది కాని కారును ఒక ఫైనాన్స్ కంపెనీకి 700 పౌండ్లకు అమ్మేశాడు. బయటివాళ్ల కంటికి గరాజ్ అంటే కార్లు అమ్మే చోటుగానూ కనిపిస్తుంది కాబట్టి, ఇంట్లో కూర్చున్న పార్ట్‌నర్ కూడా బాధ్యుడేనని కోర్టు తీర్పిచ్చింది.

ఇప్పుడు లెక్కకు వద్దాం. షెడ్డులోని సామాను, మిగిలిన ఇనుము అమ్మితే 9 లక్షలు వచ్చాయనుకుందాం. ఇంకా 21 లక్షల బాకీ. తలా 7 లక్షలు కదా అని టీచరమ్మ అనుకోవచ్చు. ఆ లెక్క పార్ట్‌నర్ల మధ్యే. అప్పిచ్చినవాడి ముందు పనిచేయదు. 25వ సెక్షన్ ప్రకారం ప్రతి పార్ట్‌నరూ మిగతావారితో కలిసీ, విడిగానూ మొత్తం అప్పుకు బాధ్యులే. వ్యాపారి ఆ 21 లక్షలూ ఒక్క టీచరమ్మ దగ్గరే వసూలు చేసుకోవచ్చు. చేసేదీ అదే, ఎందుకంటే సొంత ఇల్లున్నది ఆవిడకే. మేస్త్రీకి ఆస్తి లేదు, మరిది లారీలు ఫైనాన్స్‌లో ఉన్నాయి.

వసూలు ఎలా జరుగుతుందో కూడా తెలిసి ఉండాలి. వ్యాపారి ఫర్మ్ పేరు మీదే దావా వేయొచ్చు. పార్ట్‌నర్‌గా టీచరమ్మకు విడిగా సమన్లు అంది, ఆవిడ కోర్టుకు రాకపోయినా, ఫర్మ్ మీద వచ్చిన డిక్రీ ఆవిడ సొంత ఆస్తి మీద అమలవుతుంది. ‘ఫర్మ్ పేరున వచ్చిన కాగితం, నాకేం’ అని పక్కన పడేసినవారు నష్టపోయేది ఇక్కడే. ప్రభుత్వ పింఛనును జప్తు చేయడానికి సివిల్ ప్రొసీజర్ కోడ్ ఒప్పుకోదు. ఇంటికి ఆవిడ విషయంలో ఆ రక్షణ లేదు. డబ్బు కట్టాక మరిది నుంచి అతని వాటా, డీడ్ మీరినందుకు మేస్త్రీ నుంచి నష్టపరిహారం అడిగే హక్కు ఆవిడకుంది. డీడ్ పనికొచ్చేది అప్పుడే. కానీ చేతిలో ఏమీ లేనివాడి మీద గెలిచిన హక్కుతో ఇల్లు తిరిగి రాదు.

ముందే తప్పుకుని ఉంటే? అదీ నోటిమాటతో సరిపోదు. ఆవిడ పార్ట్‌నర్ అని తెలిసి సరుకిచ్చిన వ్యాపారి విషయంలో, పబ్లిక్ నోటీసు ఇచ్చేదాకా బాధ్యత తెగదు. రిజిస్టరైన ఫర్మ్ అయితే ఫర్మ్‌ల రిజిస్ట్రార్‌కు తెలియజేయాలి, అధికారిక గెజిట్‌లో, ఆ జిల్లాలో చదివే స్థానిక భాషా పత్రిక ఒకదానిలో ప్రకటించాలి. తప్పుకోకముందు చేసిన అప్పులకైతే, అప్పిచ్చినవాడు కూడా ఒప్పుకుంటే తప్ప, ఆ నోటీసు కూడా విముక్తి ఇవ్వదు.

పరిమిత బాధ్యతా భాగస్వామ్యం, అంటే ఎల్‌ఎల్‌పీ, ఈ ముడిని విప్పడానికే పుట్టింది. అమెరికాలో పొదుపు బ్యాంకులు కూలినప్పుడు, ఎక్కడో ఉన్న పార్ట్‌నర్ చేసిన పనికి లాయర్లు, ఆడిటర్లు తమ ఇళ్లు పోగొట్టుకునే పరిస్థితి వచ్చింది. 1991లో టెక్సస్ మొదటి ఎల్‌ఎల్‌పీ చట్టం తెచ్చింది. మన దేశంలో 2008 నాటి ఎల్‌ఎల్‌పీ చట్టానికి రాష్ట్రపతి ఆమోదం 2009 జనవరి 7న వచ్చింది.

అదే షెడ్డు ఎల్‌ఎల్‌పీగా నమోదై ఉంటే, ఎల్‌ఎల్‌పీకి పార్ట్‌నర్ల నుంచి వేరైన చట్టబద్ధ ఉనికి ఉంటుంది. మేస్త్రీ దానికి ఏజెంటు, టీచరమ్మకు కాదు. ఇనుము అప్పు ఎల్‌ఎల్‌పీదే. వ్యాపారికి దక్కేది ఎల్‌ఎల్‌పీ ఆస్తి, ఎవరైనా పెడతామని ఒప్పుకుని ఇంకా పెట్టని పెట్టుబడి ఉంటే అదీ. టీచరమ్మ 10 లక్షలు పోతాయి, ఇల్లు నిలుస్తుంది. అయితే తన సొంత తప్పుకు పార్ట్‌నర్ బాధ్యత తనదే. అప్పులవాళ్లను మోసం చేయాలనే ఉద్దేశంతో వ్యాపారం నడిపితే, ఆ పని చేసినవారికి పరిమితి అనేదే ఉండదు.

దీనికి ప్రతిగా కొన్ని చేయాలి. పేరు చివర ఎల్‌ఎల్‌పీ అని రాయాలి, అది వ్యాపారికి ముందస్తు హెచ్చరిక. కంపెనీల రిజిస్ట్రార్‌కు ఏటా ఫారం 11, ఫారం 8 దాఖలు చేయాలి. టర్నోవర్ 40 లక్షలో, పెట్టుబడి 25 లక్షలో దాటితే ఆడిట్ తప్పదు.

ఇంకొకటుంది, చాలామంది గమనించనిది. ఎల్‌ఎల్‌పీ బ్యాంకు రుణానికి వెళ్తే, కాగితాల కట్టలో వ్యక్తిగత హామీ పత్రం కూడా ఉండొచ్చు. దాని మీద టీచరమ్మ సంతకం చేస్తే, ఆ రుణం విషయంలో ఎల్‌ఎల్‌పీ చట్టం ఇంటికిచ్చిన రక్షణను ఆవిడే వదులుకున్నట్టు. ఇనుము వ్యాపారికి అందని ఆ ఇల్లు బ్యాంకుకు అందుతుంది.