రూటర్ మారింది, కెమెరా కనిపించడం లేదు

గుంటూరులో ఉండే అమ్మానాన్నల ఇంటికి డల్లాస్‌లోని కొడుకు రెండు వస్తువులు అమర్చాడు. వరండా లైటుకు ఇక్కడే కొన్న స్మార్ట్ ప్లగ్, గేటు పైన అమెరికా నుంచి తెచ్చిన కెమెరా. రెండూ తన ఫోన్లోంచే చూసుకుంటాడు. ఈమధ్య పాత రూటర్ తరచూ ఆగిపోతోందని ఇంటర్నెట్ కనెక్షన్ ఇచ్చినవాళ్లు కొత్తది బిగించి వెళ్లారు. టీవీ వస్తోంది, ఫోన్లలో నెట్ వస్తోంది. డల్లాస్‌లో మాత్రం ప్లగ్, కెమెరా రెండింటి పక్కనా Offline అని పడింది.

"ఒకసారి ప్లగ్ తీసి మళ్లీ పెట్టండి నాన్నా" అన్నాడు కొడుకు. ఆయన పెట్టారు. ఏమీ మారలేదు.

మారదు కూడా. ప్లగ్‌ను మొదటిసారి బిగించిన రోజు యాప్ దానికి రెండే సంగతులు చెప్పింది: ఇంటి వైఫై పేరు, పాస్‌వర్డ్. అవి దాని చిప్‌లో నిలిచిపోయాయి. కరెంటు వచ్చిన ప్రతిసారీ అది ఆ పేరు కోసమే వెతుకుతుంది. కొత్త రూటర్ వేరే పేరుతో ఉంది కాబట్టి దానికి ఇంట్లో వైఫై లేనట్టే. యాప్ కూడా నేరుగా గుంటూరు ఇంట్లో వెతకడం లేదు. ప్లగ్ ఇంటర్నెట్ ద్వారా కంపెనీ సర్వర్‌తో మాట్లాడుతుంటుంది. ఆ మాట ఆగిపోయిందని సర్వర్ చెబితే యాప్ Offline అని చూపిస్తుంది. అంటే వస్తువు చెడిపోలేదు, యాప్ చెడిపోలేదు.

ఇలాంటి ప్లగ్ సాధారణంగా రూటర్ ఏ కంపెనీదో పట్టించుకోదు. పేరు, పాస్‌వర్డ్ సరిపోతే చాలు. అందుకే వస్తువులన్నిటినీ మళ్లీ జత చేయడం కంటే, కొత్త రూటర్‌కు పాత పేరు, పాత పాస్‌వర్డ్ పెట్టడమే తేలిక. తండ్రి తన ఫోన్ బ్రౌజర్‌లో 192.168.1.1 అని కొట్టి, రూటర్ కింద అంటించిన చీటీ మీది వివరాలతో లోపలికి వెళ్లారు. కొడుకు ఫోన్లో చెబుతుంటే పాత పేరు, పాస్‌వర్డ్ టైప్ చేశారు. ఇక్కడ పెద్దక్షరం, చిన్నక్షరం తేడా ఉన్నా, మధ్యలో ఖాళీ ఒకటి తప్పినా పని జరగదు. సరిగ్గా కుదిరిందో లేదో తెలుసుకోవడానికి మంచి గుర్తు ఒకటుంది: పాత వైఫై వాడిన ఇంట్లోని ఫోన్, పాస్‌వర్డ్ అడగకుండా తనంతట తానే కనెక్ట్ అవుతుంది.

ఆ ఇంట్లో తల్లి ఫోన్ అలాగే కనెక్ట్ అయింది. ప్లగ్ మాత్రం రాలేదు. పేరు కుదిరి కూడా వస్తువు రాలేదంటే చూడాల్సినవి రెండు. ఇలాంటి ప్లగ్‌లలో చాలావాటికి 2.4 గిగాహెర్ట్జ్ వైఫై ఒక్కటే అందుతుంది, 5 గిగాహెర్ట్జ్ అందదు. కొత్త రూటర్‌లో 2.4 ఆగిపోయి ఉంటే తెరవాలి. రెండోది భద్రతా పద్ధతి. 2018లో వచ్చిన WPA3 చాలా పాత వస్తువులకు తెలియదు. గుంటూరు రూటర్‌లో ఉన్నది అదే. దాన్ని WPA2కి మార్చగానే కాసేపటికి వరండా లైటు డల్లాస్ నుంచి వెలిగింది.

కెమెరా ఇంకా రాలేదు. దాని కారణం వేరు, విదేశాల నుంచి వస్తువులు తెప్పించుకునే ఇళ్లకు ప్రత్యేకంగా తెలియాల్సినది. 2.4 గిగాహెర్ట్జ్ వైఫైలో మన దేశంలో 1 నుంచి 13 వరకు ఛానళ్లు వాడతారు. అమెరికా మార్కెట్ కోసం చేసిన వస్తువులు మామూలుగా 1 నుంచి 11 వరకే చూస్తాయి. కొత్త రూటర్ తనంతట తానే 13ను ఎంచుకుంది. ఫోన్లకు అది కనిపిస్తుంది, ఆ కెమెరాకు కనిపించదు. ఛానల్‌ను Auto నుంచి 6కు మార్చాక గేటు మళ్లీ తెర మీదికొచ్చింది.

పాత పాస్‌వర్డ్ గుర్తు లేకపోతే ఈ దారి మూసుకుపోతుంది. అది పక్కింటివాళ్లందరికీ తెలిసిపోయిందనుకున్నా ఈ దారి వద్దు, కొత్తదే పెట్టుకోవాలి. అప్పుడు ఇంట్లో ఒకరు ప్లగ్ బటన్‌ను దీపం గబగబా మిణుకుమనే దాకా నొక్కి పట్టుకుని, యాప్‌లో మళ్లీ జత చేయాలి. ఆ కంగారులో ముందుగా వస్తువును యాప్‌లోంచి తొలగించకండి. తొలగిస్తే దానికి పెట్టుకున్న టైమర్లు కూడా పోవచ్చు. తొలగించకుండా జత చేస్తే చాలా యాప్‌లలో అవి నిలుస్తాయి.

రూటర్ మార్చడానికి మనిషి వచ్చినప్పుడు, పాత పెట్టె తీయకముందే వైఫై పేరు, పాస్‌వర్డ్ ఉన్నవి ఉన్నట్టు ఒక కాగితం మీద రాసుకోండి. కొత్తదానికీ అవే పెట్టి వెళ్లమని ఆ మనిషినే అడగండి.