హై-పాస్ దగ్గర చేతులెత్తేసే పద్ధతి

ఒక రెసిస్టరు, ఒక కెపాసిటరు ఉంటే చాలు, ఫిల్టరు తయారవుతుంది. 5.3 కిలో ఓమ్‌ల రెసిస్టరును 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరుతో వరుసగా కలిపి, కెపాసిటరు రెండు కొసల మధ్య వోల్టేజీని బయటికి తీసుకుంటే అది లో-పాస్ ఫిల్టరు. దాదాపు 300 హెర్ట్జ్ లోపలి మంద్ర శబ్దాలను వదిలేస్తుంది, అంతకు పైవాటిని క్రమంగా అణిచేస్తుంది. అదే సర్క్యూట్‌లో రెసిస్టరు కొసల మధ్య వోల్టేజీని తీసుకుంటే హై-పాస్ వస్తుంది. అది మంద్రాన్ని అణిచి, కీచు శబ్దాలను వదులుతుంది. ఈ రెండు వోల్టేజీలను కలిపితే మనం లోపలికి పంపిన వోల్టేజీ ఎప్పుడూ సరిగ్గా తిరిగి వస్తుంది. అంటే హై-పాస్ అనేది లోపలికి వచ్చినదాంట్లోంచి లో-పాస్‌ను తీసేయగా మిగిలింది. ఈ ఒక్క సంగతీ గుర్తుంచుకుంటే చాలు, ముందు రాబోయే చిక్కంతా ఇందులోంచే పుడుతుంది.

ఇప్పుడు ఈ పని సర్క్యూట్‌తో కాకుండా లెక్కతో చేయాలి. పాతకాలపు డిజిటల్ టెలిఫోన్‌లో మాట సెకనుకు 8000 అంకెలుగా మారుతుంది. ఆ అంకెల్ని శాంపిళ్లు అంటారు. కూడికలు, గుణకారాలతో ఆ అంకెల మీద రెసిస్టరు, కెపాసిటరు చేసే పనే చేయించడం ఎలా? ఈసీఈ విద్యార్థులు డీఎస్పీ పేపర్లో మొట్టమొదట నేర్చుకునే జవాబుల్లో ఇంపల్స్ ఇన్వేరియన్స్ ఒకటి. దాని వెనకున్న ఆలోచన నిజంగా అందమైనది.

ఫిల్టరుకు అతి చిన్న వ్యవధిలో ఒక్క విద్యుత్ దెబ్బ తగిలిస్తే అది తనదైన తీరులో స్పందించి ఊరుకుంటుంది. ఆ దెబ్బే ఇంపల్స్. స్పందన తీరు తెలిస్తే ఫిల్టరు గురించి అంతా తెలిసినట్టే, ఎందుకంటే ఏ శబ్దాన్నయినా వరుసగా తగిలే ఇలాంటి దెబ్బల మొత్తంగా చూడవచ్చు. కాబట్టి అసలు ఫిల్టరు స్పందనను సెకనుకు 8000 సార్లు కొలిచి, అవే అంకెలు స్పందనగా వచ్చేలా డిజిటల్ ఫిల్టరును కట్టాలి. పద్ధతి మొత్తం ఇంతే.

మన లో-పాస్ మీద చేసి చూద్దాం. దెబ్బ తగలగానే దాని స్పందన ఒక్కసారిగా 1885 ఎత్తుకు ఎగిరి, అక్కణ్ణుంచి నున్నగా దిగిపోతుంది. 300ను 2π తో గుణిస్తే వచ్చేది ఆ 1885. శాంపిళ్ల మధ్య వ్యవధి సెకనులో 8000వ వంతు కనుక ఆ ఎత్తును 8000తో భాగిస్తే మొదటి అంకె 0.2356 వస్తుంది. ఆ తర్వాతి ప్రతి అంకె దాని ముందుదానికి 0.7901 రెట్లు. ఇంత వరసనూ కంప్యూటరు ఒక్క పంక్తితో పుట్టిస్తుంది:

```
v[n] = 0.7901*v[n-1] + 0.2356*x[n]
```

ఇక్కడ `x` లోపలికి వచ్చే శాంపిల్, `v` బయటికి వచ్చేది. పాత జవాబులో కొంత ఉంచుకుని, కొత్తదాంట్లో కొంత కలుపుకోవడమే పని. అసలు సర్క్యూట్ స్పందన, ఈ పంక్తి స్పందన ప్రతి శాంపిల్ దగ్గరా అచ్చంగా ఒకటే.

స్పందన ఒకటే అయినప్పుడు ఫిల్టర్లు కూడా ఒకటే కావాలి కదా? కావు. మార్పులేని వోల్టేజీని, అంటే సున్నా హెర్ట్జ్‌ను, అసలు సర్క్యూట్ ఉన్నదున్నట్టు 1 రెట్టుగా వదులుతుంది. మన పంక్తి మాత్రం 1.122 రెట్లు చేసి వదులుతుంది. అటు పైకొసన 4000 హెర్ట్జ్ దగ్గర అసలుది 0.075 వంతుకు అణిస్తే మనది 0.132 దగ్గరే ఆగిపోతుంది. శాంపిళ్లు అన్నీ సరిపోయినా రెండు కొసల్లోనూ తేడా వచ్చింది. ఈ అదనం ఎక్కడిది?

సెకనుకు 8000 సార్లు మాత్రమే చూసేవాడికి 200 హెర్ట్జ్ అల, 8200 హెర్ట్జ్ అల ఒకేలా కనిపిస్తాయి. చూసిన క్షణాల్లో రెండింటి విలువలూ ఒకటే. 7800 కూడా 200 లాగే కనిపిస్తుంది. దీన్నే ఎలియాసింగ్ అంటారు. పౌనఃపున్యాల వరుసను నిలువునా పరిచిన చీరలా ఊహించుకుంటే, శాంపిలింగ్ దాన్ని ప్రతి 4000 హెర్ట్జ్‌కి ఒక మడత చొప్పున కుచ్చిళ్లు పెట్టేస్తుంది. పై మడతల మీది రంగంతా కింది మడత మీదికి దిగుతుంది. లో-పాస్‌కి రంగు మొదటి మడతలోనే చిక్కగా ఉండి, పైకి పోయేకొద్దీ పలచబడుతుంది. అందుకే దిగిన మరక కొద్దిగానే ఉంది. ఇంకా నిటారుగా అణిచే ఫిల్టరయితే పై మడతల్లో రంగు దాదాపు ఉండదు, అప్పుడు ఈ పద్ధతి చక్కగా పనిచేస్తుంది. ఇరుకైన పట్టీని మాత్రమే వదిలే బ్యాండ్-పాస్ ఫిల్టరుకీ ఇదే వర్తిస్తుంది.

హై-పాస్ సంగతి వేరు. 300 దాటాక 4000 దగ్గరా, 40 వేల దగ్గరా, 40 లక్షల దగ్గరా అది అన్నిటినీ దాదాపు పూర్తిగా వదిలేస్తుంది. చీర పొడవునా అంతులేకుండా చిక్కటి రంగే. మడత పెడితే ప్రతి మడతా తన పూర్తి రంగును కిందికి దింపుతుంది, ఆ మొత్తానికి హద్దే ఉండదు.

ఇదే చిక్కు దెబ్బ వైపు నుంచి చూస్తే మరోలా ఎదురవుతుంది. హై-పాస్ అంటే లోపలికి వచ్చినదాంట్లోంచి లో-పాస్‌ను తీసేయడం అనుకున్నాం కదా. కాబట్టి దాని స్పందనలో మొదట ఆ దెబ్బే ఉన్నదున్నట్టు బయటికి వస్తుంది, దాని వెంట లో-పాస్ స్పందన తిరగబడి వస్తుంది. ఆ దెబ్బకు వ్యవధి సున్నా, ఎత్తు అనంతం. సున్నా క్షణం దగ్గర కొలిస్తే ఏ అంకె రాయాలి? రాయడానికి అంకె లేదు. పై మడతల మొత్తానికి హద్దు లేదని తేలింది కూడా ఇందుకే.

ఆ దెబ్బను వదిలేసి, కొలవగలిగిన మిగతా భాగంతోనే ఫిల్టరు కడదామని ఎవరికైనా అనిపించవచ్చు. అప్పుడు చేతికి వచ్చేది గుర్తు మారిన లో-పాస్. అది మంద్రాన్ని 1.12 రెట్లు వదిలి, కీచు శబ్దాల్ని అణిచేస్తుంది. అడిగినదానికి సరిగ్గా వ్యతిరేకం. ప్రోగ్రాం ఏ తప్పూ చూపించదు, ఫిల్టరు నిలకడగానే నడుస్తుంది, అసలు సర్క్యూట్ నుంచి తెచ్చిన 0.7901 కూడా సరైనదే. అందుకే స్పందన గ్రాఫు గీసి చూడకుండా ముందుకు పోకూడదు.

దెబ్బ స్థానంలో 1 అనే అంకెను పెడితే కాస్త నయం. అంటే పై పంక్తికి `y[n] = x[n] - v[n]` అని జోడించడం. ఇది సరైందో కాదో తేల్చడానికి గ్రాఫు కూడా అక్కర్లేదు. లోపలికి వరుసగా 1, 1, 1, 1 అని పంపితే చాలు. మార్పులేని వోల్టేజీని హై-పాస్ చివరికి పూర్తిగా ఆపేయాలి. అసలు సర్క్యూట్ 1 దగ్గర మొదలై 0.79, 0.62, 0.49 అంటూ సున్నాకు దిగుతుంది, ఎప్పుడూ సున్నా కిందికి పోదు. మన ఫిల్టరు 0.764, 0.578, 0.431, 0.315 అని దిగుతూ, ఒక మిల్లీసెకను దాటగానే సున్నా కిందికి జారి, చివరికి −0.122 దగ్గర స్థిరపడుతుంది. మైక్ సర్క్యూట్‌లో కాస్త నిలకడ వోల్టేజీ చేరితే దాన్ని తీసేయడానికే ఈ ఫిల్టరు పెట్టుకుంటాం. అందులో పన్నెండు శాతం తలకిందులై బయటికి వచ్చేస్తోంది.

ఆ 0.122 ఇందాక చూసిందే. 1 లోంచి 1 తీయాల్సిన చోట 1.122 తీశాం, ఎందుకంటే లో-పాస్ పై మడతల మరక సున్నా దగ్గరికి దిగి ఉంది. లో-పాస్‌లో పన్నెండు శాతం తేడా అంటే శబ్దం కాస్త పెద్దదవడం మాత్రమే, చెవికి పట్టదు. అదే తేడా హై-పాస్‌లో సున్నా ఉండాల్సిన చోట పడితే ఫిల్టరు పనే చెడుతుంది.

లో-పాస్ మొదటి అంకెను సగం చేస్తే ఈ మరక చాలావరకు పోతుంది. స్పందన సున్నా నుంచి 1885కు ఎగిరే క్షణాన్నే మనం కొలుస్తున్నాం కనుక, ఆ చోట రెండింటి సగటు తీసుకోవాలన్నది వాదన. లీలాండ్ జాక్సన్, వోల్ఫ్‌గాంగ్ మెక్లెన్‌బ్రాయికర్ 2000 సంవత్సరంలో వేర్వేరు పత్రాల్లో ఈ సవరణను చూపించారు. అప్పటికే దశాబ్దాలుగా పాఠ్యపుస్తకాల్లో ఉన్న పద్ధతిలో ఇంత చిన్న పొరపాటు అన్నాళ్లు ఉండిపోవడం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. సవరించాక మన హై-పాస్ కారడం పన్నెండు శాతం నుంచి అర శాతం లోపుకు దిగుతుంది. అయితే 300 బదులు 1500 హెర్ట్జ్ దగ్గర కోత పెడితే, సవరించినా మళ్లీ పదకొండు శాతం కారుతుంది. పైగా దెబ్బను 1గా రాసుకోవడం మన సొంత ఏర్పాటు, శాంపిళ్లు కొలిస్తే వచ్చింది కాదు.

విద్యార్థులు తరచు అడిగే ప్రశ్న ఒకటుంది. శాంపిల్ చేసేముందు 4000 హెర్ట్జ్ పైవాటిని తీసేసే ఫిల్టరు ఎలాగూ పెడతాం కదా, ఇక ఎలియాసింగ్ ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆ ఫిల్టరు కాపాడేది మాటను. ఇక్కడ మడతపడింది మాట కాదు, ఫిల్టరు స్పందన. మాట ఎంత శుభ్రంగా వచ్చినా, ఈ మరక డిజైన్ చేసిన రోజునే 0.2356, 0.7901 అనే అంకెల్లోకి ఎక్కిపోయింది. కొంత పట్టీని మాత్రమే ఆపి మిగతా అంతా వదిలే బ్యాండ్-స్టాప్ ఫిల్టరుకీ ఇదే గతి, ఎందుకంటే దాని రంగు కూడా పై మడతలన్నిటా పరుచుకుని ఉంటుంది.

అందుకే హై-పాస్ కోసం బైలీనియర్ పద్ధతికి వెళ్తారు. నియంత్రణ వ్యవస్థల వాళ్లు దాన్నే టస్టిన్ పద్ధతి అంటారు. అది మడత పెట్టదు. సున్నా నుంచి అనంతం దాకా ఉన్న పౌనఃపున్యాల్ని మొత్తంగా 0–4000 మధ్యకు నొక్కేస్తుంది. ఒకదాని మీద మరొకటి పడదు కాబట్టి మరక పడే అవకాశమే లేదు. 300 హెర్ట్జ్ తన చోటు తప్పకుండా ముందే సరిచేసుకుంటే మన హై-పాస్ ఇలా వస్తుంది:

```
y[n] = 0.7883*y[n-1] + 0.8942*(x[n] - x[n-1])
```

ఇప్పటి శాంపిల్‌లోంచి ముందు శాంపిల్‌ను తీసేస్తున్నాం కనుక మార్పులేని వోల్టేజీకి జవాబు చివరికి సున్నాయే. 1, 1, 1 పంపితే 0.894, 0.705, 0.556 అని దిగుతూ సున్నాకే చేరుతుంది. నొక్కినందుకు పైకొసన కొలబద్ద వంకరపోతుంది. ఈ ఫిల్టరు 3000 హెర్ట్జ్ దగ్గర ప్రవర్తించేది అసలు సర్క్యూట్ 6100 హెర్ట్జ్ పైచిలుకులో ప్రవర్తించే తీరులో. అయితే 3000 దగ్గర అసలు హై-పాస్ 0.995 వంతు వదులుతుంది, 6100 దగ్గర 0.999 వంతు. కొలబద్ద వంకరపోయింది హై-పాస్ చదునుగా ఉన్న చోటే కనుక దానికి జరిగే నష్టం ఆ వెయ్యింట నాలుగు వంతులే.