వాక్యపు ఊపిరి

పేరాలో ఆత్రుత కలిగించవలెనంటే చాలామంది విద్యార్థులు ‘అయ్యో’, ‘ఘోరం’ వంటి మాటలు చేరుస్తారు. కొత్త మాట ఒక్కటీ చేర్చకుండా, వాక్యాల పొడవుతోనే ఆ పని సాధించవచ్చును.

“ఏరు పొంగింది. గట్టు తెగింది. నీళ్లు వీధిలోకి వచ్చాయి. తల్లి లేచింది. బిడ్డను ఎత్తుకుంది. మిట్టకు పరుగెత్తింది.”

ఇందులో ఆరు సమాపక క్రియలున్నవి. ప్రతి క్రియ వద్దా ఊపిరి తెగుతుంది. తరువాత ఏమి కానున్నదో తెలియదు. తల్లితోపాటు పాఠకుడూ పరుగెత్తుతాడు. ఇక ఇదే సంగతిని ఇట్లా చదవండి:

“పొంగిన ఏటికి గట్టు తెగి నీళ్లు వీధిలోకి వచ్చినప్పుడు, లేచిన తల్లి బిడ్డను ఎత్తుకొని మిట్టకు పరుగెత్తింది.”

మాటలు అవే. సమాపక క్రియ మాత్రం ఒక్కటే మిగిలింది. తక్కినవి దానికి ఒదిగిపోయినవి. ‘వచ్చినప్పుడు’ అన్నచోట గొంతు ఒకమారు విశ్రమిస్తుంది. ఆపద గడచిన చాలాకాలానికి ఎవరో తలచుకొని చెబుతున్నట్లుంటుంది. ‘పరుగెత్తింది’ అన్న మాట ఉన్నది గాని, పరుగు లేదు.

అయితే పొడవైన వాక్యమల్లా నెమ్మదిగా నడవదు. “లేచి, ఎత్తుకొని, దాటి, జారిపడి, మళ్లీ లేచి” అంటూ విరామస్థానం లేకుండా క్త్వార్థకాలను గుచ్చితే ఆ వాక్యమూ రొప్పుతుంది. పొట్టివాక్యాలు ఇరవై వరుసగా వస్తే ఆత్రుత పోయి, సరుకుల పట్టీ అవుతుంది.

పేరాను బిగ్గరగా చదివి, ఊపిరి తీసిన చోటల్లా గీత పెట్టండి. నెమ్మదిగా సాగవలసిన పేరాలో గీతలు దగ్గర దగ్గరగా పడితే, దిద్దవలసినవి మాటలు కావు, సమాపక క్రియలు.